మేడమ్, ఎల్‌ఓఆర్ కావాలి: పాత ప్రొఫెసర్‌కి రాసే ఆ ఒక్క మెయిల్

హోస్ట్: నమస్తే మేడమ్. అక్టోబర్ వచ్చిందంటే మీ ఇన్‌బాక్స్ పరిస్థితి ఏంటి?

మేడమ్: నిండిపోతుంది. అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబర్ 1 నుంచి 15 మధ్యలో పడతాయి. ఒక్కో యూనివర్సిటీ మామూలుగా మూడు ఎల్‌ఓఆర్‌లు, అంటే పాఠం చెప్పినవాళ్లు రాసే రెకమెండేషన్ లెటర్లు, అడుగుతుంది. అందుకని దసరా సెలవులు అవ్వగానే పాత స్టూడెంట్లందరికీ మేం గుర్తొస్తాం.

హోస్ట్: అలా వచ్చిన మెయిల్స్‌లో రెండు, పేర్లు తీసేసి నాకిచ్చారు. ఇంగ్లీషులో ఉన్నాయి, నేను తెలుగులో చదువుతా. మొదటిది: “రెస్పెక్టెడ్ మేడమ్, మీరు బాగున్నారని తలుస్తాను. నేను మీ స్టూడెంట్‌ని. పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను. మంచి ఎల్‌ఓఆర్ అర్జెంటుగా కావాలి. రెజ్యూమె జత చేశాను.” అంతే.

మేడమ్: ఏ బ్యాచో లేదు, ఏ యూనివర్సిటీయో లేదు, ఎప్పటికి కావాలో లేదు. ఏటా ఒక కొత్త బ్యాచ్ వస్తుంది నాకు. ఈ అబ్బాయి ముఖం లీలగా గుర్తుంది. కానీ లెటర్‌లో ఏం రాయను? “క్రమశిక్షణ గలవాడు, మంచి మార్కులు” అని రాస్తాను. మార్కుల మెమో ఎలాగూ అడ్మిషన్ కమిటీ ముందే ఉంటుంది. అలాంటి లెటర్ చదివితే కమిటీకి తెలిసేది ఒక్కటే, ఈవిడకి ఈ కుర్రాడు సరిగ్గా తెలీదని.

హోస్ట్: రెండోది అమ్మాయి రాసింది, అక్టోబర్ 14న. సబ్జెక్ట్ లైన్‌లోనే ఉంది: “రెకమెండేషన్ లెటర్ కోసం, 2021-23 ఎమ్మెస్సీ జియాలజీ, మొదటి గడువు డిసెంబర్ 1”.

మేడమ్: ఆ లైన్ చూడగానే సగం పని అయిపోయింది నాకు. ఎవరు, ఏం కావాలి, ఎప్పటికి. తర్వాతది చదవండి.

హోస్ట్: “మేడమ్, నమస్కారం. మూడో సెమిస్టర్‌లో మీ దగ్గర హైడ్రోజియోకెమిస్ట్రీ చదివాను. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్ట్ మీ గైడెన్స్‌లోనే, నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద చేశాను. ఫ్లోరైడ్ ఎక్కువుంటుందనుకున్న ఊళ్ల శాంపిళ్లలో రీడింగ్ తక్కువ వచ్చినప్పుడు, ఆ రోజు బఫర్ కలపలేదని నోట్‌బుక్ చూసి కనిపెట్టి, ఆ సెట్ అంతా మళ్లీ చేసింది నేనే.”

మేడమ్: చూశారా, అక్కడే లెటర్ ఉంది.

హోస్ట్: బఫర్ సంగతి కొంచెం చెప్పండి, మాలాంటివాళ్లకి.

మేడమ్: నీళ్లలో ఫ్లోరైడ్‌ని ఎలక్ట్రోడ్‌తో కొలుస్తాం. నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే ఫ్లోరైడ్ వాటిని అంటిపెట్టుకుంటుంది, ఎలక్ట్రోడ్‌కి కనపడదు. టిసాబ్ అనే బఫర్ కలిపితే ఫ్లోరైడ్ విడిపోయి అసలు లెక్క వస్తుంది. కలపడం మర్చిపోతే రీడింగ్ తగ్గొచ్చు. చాలామంది ఆ తక్కువ నంబర్నే రిపోర్టులో వేసి డిగ్రీ పుచ్చుకుంటారు. తాగునీటిలో పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. దానికి కాస్త అటూ ఇటూ ఉన్న ఊరైతే, ఆ తప్పు రీడింగ్‌తో ప్రమాదంలో ఉన్న బోరు మంచిదైపోతుంది. ఈ అమ్మాయి అనుమానించింది, ఎవరూ చెప్పకుండానే మళ్లీ చేసింది. ఆ సాయంత్రం ల్యాబ్ తాళం వేద్దామని వెళ్తే ఇంకా బీకర్లు కడుగుతూ ఉంది. మెయిల్ చదివేదాకా నాకు ఆ సంగతే గుర్తు లేదు.

హోస్ట్: అంటే మెయిల్ మీకు గుర్తు చేసింది.

మేడమ్: అదే దాని పని. పొగడమని అడగక్కర్లేదు, నేను కళ్లారా చూసినదాన్ని నాకు అందిస్తే చాలు. లేనిది రాస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

హోస్ట్: తర్వాత: “ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో నీటి నాణ్యత డేటా మీద పనిచేస్తున్నాను. అయిదు యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను. నా ల్యాబ్ పని దగ్గరుండి చూసింది మీరే కాబట్టి అడుగుతున్నాను. బలమైన లెటర్ రాయగలననిపిస్తేనే ఒప్పుకోండి. ఈసారి కుదరకపోతే అక్టోబర్ 25లోపు చెప్పండి మేడమ్, వేరేవాళ్లని అడుగుతాను.”

మేడమ్: మన పిల్లలు ఈ చివరి మాట రాయడానికి మొహమాటపడతారు. పెద్దవాళ్లకి “కాదనండి” అని దారి చూపించడం అమర్యాద అనుకుంటారేమో. నాకైతే హాయిగా ఉంటుంది. ఇష్టం లేకుండా రాసిన లెటర్ చప్పగా ఉంటుంది, దానివల్ల నష్టపోయేది వాళ్లే.

హోస్ట్: ఏమేం జత చేసింది?

మేడమ్: సీవీ, మార్కుల మెమో, ఏం చదవాలనుకుంటోందో ఎందుకో తనే చెప్పుకునే ఎస్‌ఓపీ చిత్తుప్రతి, ప్రాజెక్ట్ రిపోర్ట్. రిపోర్టులో ఏ పేజీలు చూడాలో మెయిల్‌లోనే చెప్పింది. ఎస్‌ఓపీ పూర్తి కాలేదని కొందరు పంపరు. సగం రాసిందైనా పంపాలి, ఎందుకంటే అక్కడ తను ఏ కథ చెప్తోందో తెలిస్తే దానికి ఆసరాగా నేను రాయగలను. ఫైల్స్ మెయిల్‌కే తగిలించింది, అది ఇంకా మంచిది. డ్రైవ్ లింక్ పంపి పర్మిషన్ ఇవ్వడం మర్చిపోయేవాళ్లతో వేగలేను.

హోస్ట్: ఒక టేబుల్ కూడా ఉంది.

మేడమ్: అది బంగారం. యూనివర్సిటీ, డిపార్ట్‌మెంట్, కోర్సు, మన టైములో గడువు. అమెరికా తూర్పు తీరం టైములో డిసెంబర్ 1 రాత్రి 11:59 అంటే మనకి 2వ తేదీ ఉదయం 10:29. ఆ అమ్మాయి ఇది రాసి, పక్కనే “నవంబర్ 27కి అప్‌లోడ్ అయితే నాకు టెన్షన్ ఉండదు” అని పెట్టింది. ఇంకో మంచి పని ఏంటంటే, నేను ఒప్పుకున్నాకే నా పేరు అప్లికేషన్లలో ఎక్కించింది. కొందరు అడగకముందే ఎక్కిస్తారు, వాళ్ల మెయిల్ కన్నా ముందు లెటర్ అప్‌లోడ్ చేయమని యూనివర్సిటీ లింక్ వచ్చి పడుతుంది. ఒళ్లు మండుతుంది.

హోస్ట్: లింక్ తెరిస్తే లెటర్ ఒక్కటే అడుగుతారా?

మేడమ్: లేదు. ఎన్నాళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు అంటారు. తోటివాళ్లలో పై 5 శాతంలోనా, 10 శాతంలోనా అని గడులు ఇచ్చేవీ ఉంటాయి. కాబట్టి క్లాసులో ఎంతమంది, తన స్థానం ఎంత అన్నది మెయిల్‌లో ఉంటే నేను పాత రిజిస్టర్లు తవ్వక్కర్లేదు. ఇంకోటి, ఫెర్పా అని 1974 నాటి అమెరికా చట్టం ఉంది. దాని ప్రకారం, అక్కడ చేరాక తన ఫైల్లోని లెటర్ చూసుకునే హక్కు స్టూడెంట్‌కి ఉంటుంది. ఆ హక్కు వదులుకుంటారా అని అప్లికేషన్‌లో అడుగుతారు. వదులుకుంటేనే మంచిది. లేకపోతే లెటర్‌లో మనసులో మాట రాయలేదేమోనని చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

హోస్ట్: “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా” అనే ప్రొఫెసర్లు మన దగ్గర బాగానే ఉన్నారుగా.

మేడమ్: ఉన్నారు. కానీ ఒకే స్టూడెంట్ మూడు లెటర్లూ రాస్తే మూడింట్లో అవే మాటలు, అదే వాక్యం పోకడ. చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అలా అడిగితే “సర్, లెటర్ కాకుండా పాయింట్లు రాసిస్తాను, మీరు చూసినవి మాత్రమే” అనాలి. చాలామంది దానికి ఒప్పుకుంటారు.

హోస్ట్: జవాబే రాకపోతే?

మేడమ్: వారం ఆగి, అదే మెయిల్ కింద రెండు లైన్లు రాయాలి, కొత్త మెయిల్ పెట్టకూడదు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి మేడమ్ సెలవులో ఉన్నారా అని కనుక్కోవాలి. ఒప్పుకున్నాక గడువుకి పది రోజుల ముందు ఒక్కసారి గుర్తు చేస్తే చాలు. లింకులు స్పామ్‌లోకి పోతుంటాయి, అవి ఏ అడ్రస్ నుంచి వస్తాయో అప్పుడు చెప్తే వెతుక్కుంటాను. ఆ అమ్మాయి అయిదు లింకుల్లో రెండు నాకు స్పామ్‌లోనే దొరికాయి.