తొక్క నల్లబడింది, లోపల పచ్చిగానే ఉంది: కాల్చిన వంకాయపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. వంటింటి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. పెరుగు పచ్చడి చేసినా, పచ్చి పులుసు చేసినా, బైంగన్ భర్తా చేసినా ముందు వంకాయను కాల్చుకోవాలి. ఈ రోజు ఆ ఒక్క పని గురించే మాట్లాడుకుందాం. విజయవాడలో చాలా ఏళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్న అమ్మగారు మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్ (రాజమండ్రి): నమస్తే అండీ, రాజమండ్రి నుంచి. నిన్న పచ్చడి వంకాయ కాల్చానండీ. తొక్కంతా బొగ్గులా అయింది, బాగా కాలిందనుకుని దించేశాను. తీరా తొక్క తీస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉంది. పప్పుగుత్తితో ఎంత మెదిపినా మెదగలేదు. పచ్చడి తింటుంటే పంటి కింద రబ్బరులా సాగింది.

అతిథి: కాయ ఎంత ఉంటుందమ్మా?

కాలర్ (రాజమండ్రి): అరకిలోకి కాస్త తక్కువండీ. లావుగా, గుండ్రంగా ఉంది.

అతిథి: మంట ఎంత పెట్టారు? ఎంతసేపు కాల్చారు?

కాలర్ (రాజమండ్రి): పెద్ద మంటే పెట్టానండీ. ఓ ఏడెనిమిది నిమిషాలు.

అతిథి: అదేనమ్మా సంగతి. వంకాయ లోపలి కండ స్పాంజి లాంటిది, సందుల్లో అంతా గాలే ఉంటుంది. అందుకని వేడి లోపలికి చాలా నెమ్మదిగా వెళ్తుంది. తొక్కేమో పల్చన. పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలకే నల్లబడిపోతుంది. అందుకే తొక్క రంగు చూసి దించకూడదు. లోపల కండ ఉడికిందంటే సందుల్లో గాలి పోయి కాయ కూలబడుతుంది. నిన్న మీ కాయ దించేటప్పటికి గుండ్రంగానే నిలబడి ఉంది కదూ?

కాలర్ (రాజమండ్రి): అవునండీ, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అతిథి: అలా ఉందంటే ఇంకా సగం కూడా ఉడకలేదన్నమాట. ఇంట్లో ఇంకో కాయ ఉందా?

కాలర్ (రాజమండ్రి): ఉందండీ, రెండు తెచ్చాను.

అతిథి: అయితే ఇప్పుడే మొదలుపెడదాం. ముందు కాయను చుట్టూ తిప్పి చూడండి. గుండుసూది తల అంత కన్నం ఎక్కడైనా ఉందా?

కాలర్ (రాజమండ్రి): బయటికి ఏమీ కనపడటం లేదండీ.

అతిథి: అయినా కోసి చూడండి. కాయ తొలిచే పురుగు పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరుతుంది. అది దూరిన చోటు మానిపోయి మన కంటికి కనపడదు. మనకు కనపడే పెద్ద కన్నం పురుగు తినేసి బయటికి వెళ్లిన దారి. అంటే పైకి నున్నగా ఉన్న కాయలోనే పురుగు ఇంకా ఉండొచ్చు. తొడిమ అలాగే ఉంచి, కింది నుంచి నిలువుగా ముప్పావు వంతు దాకా ఒక గాటు పెట్టి, విడదీసి వెలుతురులో చూడండి. గింజలు లేతగా, తెల్లగా ఉన్నాయా?

కాలర్ (రాజమండ్రి): తెల్లగానే ఉన్నాయండీ. పురుగు లేదు.

అతిథి: మంచిది. గింజలు గోధుమ రంగులోకి తిరిగి ఉంటే కాయ ముదిరినట్టు, పచ్చడి చేదు పడుతుంది. ఇప్పుడు ఒక చెంచా నూనె తొక్కకంతా రాయండి. నూనె రాస్తే తొక్క అంతటా ఒకేలా కాలుతుంది, తర్వాత పెద్ద పెద్ద పొరలుగా ఊడొస్తుంది. రాయకపోతే గోటితో గిల్లుకుంటూ కూర్చోవాలి. పుల్కాలు కాల్చే జాలీ ఉంటే స్టవ్ మీద పెట్టి, మంట మధ్యస్థంగా ఉంచండి. కాయను పడుకోబెట్టి, మూడు నాలుగు నిమిషాలకోసారి తొడిమ పట్టుకుని పావు వంతు తిప్పండి. తొడిమ కూడా వేడెక్కుతుంది, పట్టకారు వాడండి. చివరి నాలుగైదు నిమిషాలు మాత్రం తొడిమ వైపు భాగాన్ని మంట మీదకి జరపండి. మెడ దగ్గర కండ గట్టిగా ఉంటుంది, మనం పట్టుకునేదీ అక్కడే కాబట్టి ఆ భాగానికి మంట తగలదు. ఎప్పుడూ పచ్చిగా మిగిలేది అదే. మీ కాయకి మొత్తం పద్ధెనిమిది, ఇరవై నిమిషాలు పట్టొచ్చు.

యాంకర్: అమ్మా, మీరు కాల్చుతూ ఉండండి, మేమే మళ్లీ ఫోన్ చేస్తాం. తర్వాతి కాల్ మెల్‌బోర్న్ నుంచి. హలో?

కాలర్ (మెల్‌బోర్న్): నమస్తే ఆంటీ. నేనిక్కడ చదువుకుంటున్నాను. మా ఇంట్లో ఎలక్ట్రిక్ స్టవ్, మంట ఉండదు. వంకాయను ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట పెట్టాను. తొక్క కొంచెం ముడతలు పడిందంతే. లోపల కొంత ఉడికింది, కొంత ఉడకలేదు. అమ్మ చేసే పెరుగు పచ్చడి రుచి అసలు రాలేదు.

అతిథి: అక్కడ దొరికే ఊదారంగు కాయ చాలా పెద్దదిగా ఉంటుంది కదా బాబూ. 180 దానికి చాలదు. ఓవెన్‌ని 220 డిగ్రీలకు ముందే వేడెక్కనివ్వు. నువ్వు కాయకి గాటు పెట్టావా?

కాలర్ (మెల్‌బోర్న్): లేదాంటీ, కడిగి అలాగే పెట్టేశాను.

అతిథి: అలా ఎప్పుడూ పెట్టొద్దు నాన్నా. లోపల ఆవిరి పట్టి, బయటికి దారి లేక కాయ ఓవెన్‌లోనే పేలిపోవచ్చు. ఫోర్క్‌తో చుట్టూ పది పన్నెండు చోట్ల లోతుగా పొడువు. నూనె రాసి, ట్రేలో ఫాయిల్ వేసి, దాని మీద పెట్టు. అరకిలో కాయకి 45 నుంచి 50 నిమిషాలు పడుతుంది. సగం టైమ్ అయ్యాక ఒకసారి తిప్పు. కాయ గాలి తీసిన బెలూన్‌లా చదునుగా పడిపోవాలి. అప్పుడు గ్రిల్ ఆన్ చేసి, ట్రేని పై అరలోకి మార్చి, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు తొక్కని మాడనివ్వు. ఆ టైమ్‌లో దగ్గరే నిలబడు.

కాలర్ (మెల్‌బోర్న్): స్మోక్ అలారం మోగుతుందని టెన్షన్ ఆంటీ.

అతిథి: ఎగ్జాస్ట్ వేసి, కిటికీ తెరిచి పెట్టుకో. ఓవెన్‌లో ఎక్కువ పొగ వచ్చేది కాయలో నీరు, నూనె కారి వేడి ఇనుము మీద పడినప్పుడు. ఫాయిల్ అంచులు పైకి మడిస్తే కారింది అందులోనే ఉంటుంది.

కాలర్ (మెల్‌బోర్న్): సగానికి కోసి పెడితే తొందరగా అవుతుందా?

అతిథి: అవుతుంది. కోసిన వైపు నూనె రాసి బోర్లిస్తే అరగంట, ముప్పై అయిదు నిమిషాల్లో మెత్తబడుతుంది. కానీ కోసిన వైపు ఎర్రగా వేగి కాస్త ఎండుతుంది. ఉల్లిపాయ, టమాటా వేసి మగ్గించే భర్తాకి అది బాగానే ఉంటుంది. పెరుగు పచ్చడికి మాత్రం కాయ తన ఆవిరిలోనే తను ఉడకాలి, అప్పుడే గుజ్జు వెన్నలా వస్తుంది. నువ్వు నిండు కాయే పెట్టు.

కాలర్ (మెల్‌బోర్న్): మరి ఆ పొగ వాసన?

అతిథి: మంట మీద కాల్చినంత రాదు బాబూ. గ్రిల్ కింద తొక్క మాడితే కొంత వస్తుంది. మిగతాది పోపుతో తెచ్చుకో. ఎండుమిర్చి మామూలుగా కంటే కాస్త ముదురు రంగు వచ్చేదాకా వేయించి, ఇంగువ దండిగా వెయ్యి. కొందరు గిన్నెలో బొగ్గు నిప్పు పెట్టి నెయ్యి వేసి మూత పెడతారు. నువ్వు మాత్రం గదిలో బొగ్గు వెలిగించొద్దు. తలుపులు మూసిన ఇంట్లో ఆ గాలి ప్రాణానికే ప్రమాదం.

యాంకర్: వరంగల్ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్ (వరంగల్): నమస్కారం. మా ఇంట్లో వంకాయ కాల్చినంక నల్ల కింద పెట్టి కడుగుతరు. తొక్క తొందరగా వస్తది, నల్ల మచ్చలు కూడా పోతయి. మా అమ్మ మాత్రం కుంపటి మీద కాల్చి, ఎన్నడూ కడగకపోయేది. ఏది సరైంది?

అతిథి: మీ అమ్మగారిదే సరైనదండీ. కాలిన వాసనంతా తొక్క కింద కండ మీదున్న ఆ గోధుమ రంగు పల్చటి పొరలో ఉంటుంది. కుళాయి కింద పెట్టగానే అది కొట్టుకుపోతుంది, గుజ్జు కూడా నీళ్లు తాగుతుంది. కాల్చిన వెంటనే గిన్నెలో వేసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయమనండి. ఆ ఆవిరికి తొక్క వదులవుతుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని, వేళ్లు తడుపుకుంటూ తొడిమ నుంచి కిందికి లాగితే వచ్చేస్తుంది. వేళ్లకి అంటిన నలుపును ఆ నీళ్లలో ముంచి వదిలించుకోవాలి. ఒకటి రెండు నల్ల చుక్కలు మిగిలితే ఉండనివ్వండి. పెద్ద మాడు పెళ్లలు మాత్రం ఏరేయాలి, అవి చేదు.

యాంకర్: ధన్యవాదాలు సార్. రాజమండ్రి అమ్మ మళ్లీ లైన్లోకి వచ్చారు. ఎంతవరకు వచ్చిందమ్మా?

కాలర్ (రాజమండ్రి): పద్ధెనిమిది నిమిషాలైందండీ. కాయ ఒక పక్కకి వాలిపోయింది. గాటు దగ్గర రసం బుడబుడలాడుతోంది, తొక్క అక్కడక్కడా పగిలింది.

అతిథి: ఇప్పుడు చాకు మొన తీసుకుని, ముందు మధ్యలో గుచ్చండి.

కాలర్ (రాజమండ్రి): వెన్నలో దిగినట్టు దిగిందండీ.

అతిథి: అదే చాకుని తొడిమకి అంగుళం కింద గుచ్చండి.

కాలర్ (రాజమండ్రి): ఇక్కడ కొంచెం పట్టేస్తోందండీ.

అతిథి: నిన్న రబ్బరులా తగిలింది ఆ ముక్కేనమ్మా. మంట తగ్గించి, మెడ భాగం మంట మీదుండేలా ఇంకో మూడు నిమిషాలు ఉంచండి. అక్కడ కూడా చాకు ఆగకుండా దిగినప్పుడు దించి, మూత పెట్టండి.

కాలర్ (రాజమండ్రి): సరేనండీ. రసం చాలా కారేట్టుంది, పిండేయాలా?

అతిథి: పిండొద్దు. తొక్క తీశాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచితే తనే కారుతుంది. దాన్ని నాలుక మీద వేసుకుని చూడండి. చేదుగా ఉంటే పారబోయండి, తియ్యగా ఉంటే గుజ్జులోనే కలపండి. పచ్చి పులుసు చేసేట్టయితే ఆ వడగట్టే పని కూడా అక్కర్లేదు, ఎలాగూ చింతపండు పులుసు పోస్తాం కదా. మీరు చేసేది ఏమిటి?

కాలర్ (రాజమండ్రి): పెరుగు పచ్చడేనండీ.

అతిథి: అయితే గుజ్జు పూర్తిగా చల్లారాకే పెరుగు కలపండి. వేడి మీద కలిపితే పెరుగు విరిగి నీళ్లు తేలుతుంది. మిక్సీలో మాత్రం వేయొద్దమ్మా, జిగురుగా అయిపోతుంది. చేత్తో మెదిపితే చాలు. మెడ దగ్గర ముక్కను మాత్రం ముందు వేళ్లతో నొక్కి చూడండి. నలిగిందా, నిన్నటి రబ్బరు లేనట్టే.

కాలర్ (రాజమండ్రి): ఇప్పుడు మళ్లీ గుచ్చానండీ... దిగింది. దించేస్తున్నాను.