పాయింట్ల లాభం, నూటికి నాలుగు రూపాయల వడ్డీ

శ్రోతలకు నమస్కారం.

మన దగ్గర అప్పు మాట వస్తే వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీకి దొరికితే అదృష్టం అనుకుంటాం. రెండు రూపాయలు మామూలు. మూడు రూపాయలంటే ఎంత అవసరం ఉన్నా ఒకసారి ఆగి ఆలోచిస్తాం. క్రెడిట్ కార్డు వడ్డీని కూడా ఇదే లెక్కలో చూడండి. చాలా కార్డులపై అది మూడున్నర రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ప్రామిసరీ నోటు మీద ఈ రేటు కనిపిస్తే సంతకం పెట్టేవాళ్లు అరుదు. కార్డు బిల్లు మీద ఈ రేటు చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి కంటపడదు.

ఇక కార్డు మనకిచ్చేది ఎంత? పాయింట్లయినా క్యాష్‌బ్యాక్ అయినా, సాధారణ ఖర్చుల మీద నూటికి ఒక రూపాయి వస్తే మంచి కార్డు కిందే లెక్క. ఆ రూపాయి కొన్నప్పుడు ఒక్కసారే వస్తుంది. వడ్డీ మాత్రం ప్రతి రోజూ పడుతుంది. పైన చెప్పిన రేటు ప్రకారం వారం రోజుల వడ్డీ ఆ రూపాయిని దాదాపుగా మింగేస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది బిల్లు అసలే కట్టకపోవడం వల్ల కాదు, కొంచెం తక్కువ కట్టడం వల్ల. ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రతి నెలా 12వ తేదీన బిల్లు తయారయ్యే కార్డుతో ఒకరు జూన్ 15న 30,000 రూపాయల ఫ్రిజ్ కొన్నారు. జూలై 12న బిల్లు వచ్చింది. గడువు ఆగస్టు 1. ఆ రోజు 25,000 కట్టి, మిగిలిన ఐదు వేలు వచ్చే నెల చూసుకుందామనుకున్నారు. వడ్డీ ఐదు వేల మీదే కదా, నూట డెబ్బై అయిదో రెండు వందలో పడుతుందిలే అని వారి అంచనా.

ఆగస్టు 12 బిల్లులో కనిపించేది వేరు. మొత్తం బాకీ గడువులోగా తీరితేనే వడ్డీ లేని రోజులు దక్కుతాయి. కొంత మిగిల్చినా, చాలా బ్యాంకుల నిబంధనల ప్రకారం వడ్డీ లెక్క కొన్న రోజు నుంచే మొదలవుతుంది. అంటే జూన్ 15 నుంచి ఆగస్టు 1 వరకు 47 రోజులు, అదీ పూర్తి 30,000 మీద. ఏడాదికి 42 శాతం చొప్పున అది 1,622 రూపాయలు. ఆపైన 12వ తేదీ వరకు ఐదు వేల మీద 63 రూపాయలు. ఈ రెండింటి మీద జీఎస్టీ 303 రూపాయలు. మొత్తం దాదాపు 1,990. ఫ్రిజ్ మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ 300 రూపాయలు. పన్ను ఒక్కటే దాన్ని దాటిపోయింది!

నష్టం అక్కడితో ఆగదు. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని రోజులు ఉండవు. ఆగస్టు 3న కార్డుతో నెల సరుకులు తెస్తే ఆ రోజు నుంచే వడ్డీ. పాయింట్లు వస్తాయని ఆ కార్డునే గీకుతూ ఉండటం ఈ దశలో చేయదగ్గ పనుల్లో అన్నిటికంటే చెడ్డది.

ఈ రేట్లకు చట్టం అడ్డుపడుతుందని ఎదురుచూడకండి. 30 శాతానికి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

కాబట్టి మీ బ్యాంకు యాప్‌లో ఒక అమరిక ఇవాళే చూడండి. ఖాతా నుంచి బిల్లు తనంతట తానే కట్టేలా ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు రెండు ఎంపికలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీస చెల్లింపు. చాలామంది రెండోది ఎంచుకుని, బిల్లు సక్రమంగా పోతోందని నెలల తరబడి ధీమాగా ఉంటారు. కనీస చెల్లింపు ఆలస్య రుసుము పడకుండా ఆపుతుందే తప్ప వడ్డీని ఆపదు.

ఇప్పటికే బాకీ పేరుకుని ఉంటే ముందు ఆ కార్డు వాడకం ఆపండి. సరుకులు, పెట్రోలు డెబిట్ కార్డుతోనో యూపీఐతోనో కొనండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి బాకీ తీర్చడం గురించి ఆలోచించవచ్చు. అక్కడి వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు. ఇంకో మాట. మొత్తం బాకీ కట్టేశాక కూడా తర్వాతి నెల చిన్న బిల్లు ఒకటి రావచ్చు. పాత బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ అది. పొరపాటున వచ్చిందని పక్కన పడేయకుండా అదీ కట్టండి. ఆ తర్వాత వచ్చే బిల్లులో వడ్డీ గడిలో సున్నా కనిపిస్తే, అప్పుడు మళ్లీ ఆ కార్డు బయటికి తీయండి.