12 నుంచి 40కి: మూడు నెలల టార్గెట్‌ని వారం పనిగా మార్చడం

హోస్ట్: నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. చిన్న టీమ్‌లకు క్వార్టర్ ప్లానింగ్‌లో సాయం చేసే అక్క ఈరోజు మనతో ఉన్నారు. మూడు నెలల్లో ఏం సాధించాలో ఒక ఆబ్జెక్టివ్‌గా, దాని కింద అది ఎంతవరకు వచ్చిందో అంకెల్లో చూపించే రెండు మూడు కీ రిజల్ట్స్ రాసుకోవడం, అదే ఓకేఆర్ పద్ధతి, ఇప్పుడు ఐదుగురున్న ఆఫీసుల్లో కూడా వినిపిస్తోంది. రాయడం వరకు అందరూ రాసేస్తున్నారు. సోమవారం పొద్దున ఆఫీసుకొచ్చి ఏం చెయ్యాలి అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండట్లేదు. అక్కా, అక్కడి నుంచే మొదలుపెడదామా?

గెస్ట్: అక్కడి నుంచే, తమ్ముడూ. 1970ల్లో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దీన్ని వాడారు, 1999లో పెట్టుబడిదారు జాన్ డోర్ గూగుల్‌కి తీసుకెళ్లారు, చరిత్ర అంతవరకు చాలు. మనం ఒక టీమ్‌ని తీసుకుని లెక్క వేద్దాం. చిత్తూరు వైపు ఒక ఐదుగురి టీమ్ ఉంది, పేరు వద్దులే. పల్లెల్లో పాల సెంటర్లకు యాప్ ఇస్తారు. రైతు పాలు పోస్తే లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలలో కొవ్వు కాకుండా మిగిలే ఘనపదార్థం, ఇవన్నీ ఎక్కించాలి, 15 రోజులకోసారి బిల్లు రావాలి. అంతే యాప్. ఇద్దరు ఊళ్లు తిరుగుతారు, ఇద్దరు డెవలపర్లు, ఒకావిడ ఫోన్లూ సపోర్టూ చూస్తుంది.

హోస్ట్: వాళ్ల కీ రిజల్ట్ ఏంటి?

గెస్ట్: అక్టోబర్ నుంచి డిసెంబర్ క్వార్టర్. మొదట్లో రోజూ వాడే సెంటర్లు 12. డిసెంబర్ 31కి 40 కావాలి. ముందు నేను అడిగింది, ‘వాడటం’ అంటే ఏంటి అని. యాప్ ఫోన్‌లో ఉంటే సరిపోతుందా? చివరికి ఏం రాసుకున్నారంటే, నోటు పుస్తకం పక్కన పెట్టి, వారంలో కనీసం ఆరు రోజులు, పొద్దున సాయంత్రం రెండు పూటలా యాప్‌లోనే ఎంట్రీ పడితేనే ఆ సెంటర్ లెక్కలోకి వస్తుంది. ఇది ముందే రాసుకోకపోతే డిసెంబర్ చివర్లో కూర్చుని దీన్ని లెక్కలో వేద్దామా వద్దా అని వాదించుకోవాల్సి వస్తుంది.

హోస్ట్: సరే, ఇంకా 28 సెంటర్లు కావాలి. క్వార్టర్‌కి 13 వారాలు. వారానికి రెండు కంటే కొంచెం ఎక్కువ. ఇట్లనే కదా అందరం వేసేది?

గెస్ట్: అందరూ అట్లనే వేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. డెమో చూసిన సెంటరు మరుసటి రోజు నుంచే మారిపోదు. చూసి మాట్లాడుకుని సరే అనడానికి ఒక వారం. తర్వాత మొదటి 15 రోజులు నోటు పుస్తకంలోనూ యాప్‌లోనూ రెండింట్లో రాస్తారు, బిల్లు రెండు చోట్లా సరిపోయిందా లేదా అని చూసుకోవాలి కదా, రైతుల డబ్బు అది. సరిపోతే రెండో బిల్లు యాప్‌తోనే వేస్తారు, అప్పుడుగానీ పుస్తకం పక్కన పెట్టరు. మొత్తం ఐదు వారాలు. అంటే ఎనిమిదో వారం తర్వాత ఇచ్చిన డెమో ఎంత బాగా ఇచ్చినా ఈ క్వార్టర్ లెక్కలోకి రాదు.

హోస్ట్: అంటే 13 వారాలు అనుకున్నది నిజానికి ఎనిమిదే!

గెస్ట్: దసరా వారం తీసెయ్యి, ఏడు. ఇప్పుడు వెనక నుంచి ముందుకు రా. వాళ్ల పాత రికార్డు చూస్తే మూడు డెమోలకు ఒక సెంటర్ చేరుతోంది. 28 చేరాలంటే 84 డెమోలు. ఏడు వారాల్లో 84 అంటే వారానికి 12. తిరిగేది ఇద్దరు కాబట్టి మనిషికి ఆరు. ఇప్పుడు ఇది చేతిలో పట్టుకునే పని. ‘28 సెంటర్లు తేవాలి’ అంటే ఎవరి చేతిలోనూ ఉండదు, సెంటర్ సెక్రటరీ సరే అనాలి, రైతులు ఒప్పుకోవాలి. ‘ఈ వారం ఆరు డెమోలు’ అంటే అది పూర్తిగా ఆ పిల్లోడి చేతిలో ఉంది.

హోస్ట్: ఆరు సాధ్యమేనా? పాల సెంటర్ దగ్గర మనుషులు దొరికేది పాలు పోసే టైమ్‌లోనే కదా.

గెస్ట్: మంచి ప్రశ్న. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రోజుకు రెండే. మూడు రోజులకు ఆరు. మిగతా మూడు రోజులు ఇప్పటికే వాడుతున్న సెంటర్ల పనికి వదిలాం. ఎందుకంటే ఒక చోట ఫ్యాట్ రీడింగ్ పడట్లేదు, ఒక చోట బిల్లు తేడా వచ్చింది అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. చాలా టీమ్‌లు వారం మొత్తాన్ని కొత్త టార్గెట్‌కే నింపేస్తాయి, బుధవారానికి రోజువారీ పని వచ్చి మొత్తం తలకిందులవుతుంది. నన్నడిగితే వారంలో సగానికి మించి కీ రిజల్ట్ పనితో నింపకూడదు. ఒకవేళ లెక్కకి ఆరు కాదు, పది డెమోలు వచ్చి ఉంటే, 40 అనే టార్గెట్‌నే మొదటి వారంలో తగ్గించమనేదాన్ని. కుదరదని డిసెంబర్‌లో తెలుసుకోవడం ఎందుకు?

హోస్ట్: మరి దీన్ని ఎక్కడ రాస్తారు? పెద్ద టూల్ ఏమైనా కొనాలా?

గెస్ట్: ఐదుగురికి ఒక షీట్ చాలు. మూడు వరుసలు. మొదటిది ఈ వారం డెమోలు. రెండోది పుస్తకం, యాప్ రెండూ మొదలుపెట్టిన సెంటర్లు. మూడోది రోజూ వాడే సెంటర్లు, అంటే అసలు కీ రిజల్ట్. ప్రతి వరుసకీ ఈ వారం అనుకున్నది, అయినది, ఎవరి బాధ్యత. శుక్రవారం సాయంత్రంలోపు ఎవరి అంకె వాళ్లు నింపాలి, సోమవారం 15 నిమిషాలు నిలబడి చూసుకోవాలి. శుక్రవారం ఎందుకంటే, సోమవారం మీటింగ్‌లో కూర్చుని అంకెలు వెతుక్కుంటే ఆ 15 నిమిషాలు దానికే అయిపోతాయి.

పని రాసే తీరు కూడా ముఖ్యం. వాళ్ల షీట్‌లో మొదట ‘పలమనేరు రూట్ ఫాలోఅప్’ అని ఉండేది. అది అయిందో లేదో ఎవరు చెప్తారు? దాన్ని ‘గురువారం సాయంత్రంలోగా పలమనేరు రూట్‌లో ఆరు సెంటర్లలో డెమో, సెక్రటరీ చేతనే ఒక రైతు ఎంట్రీ వేయించాలి’ అని మార్చాం. పక్కన ఒక్క పేరు, రెండు పేర్లు వద్దు. ఇద్దరి పేర్లు రాస్తే వాళ్లు చూస్తార్లే అని వీళ్లు, వీళ్లు చూస్తార్లే అని వాళ్లు.

హోస్ట్: సెక్రటరీ చేతనే ఎంట్రీ వేయించాలి అన్నది బాగుంది. లేదంటే టీ తాగి వచ్చినా డెమో అని రాసేస్తారు.

గెస్ట్: అదే. అంకె కోసం పని చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే రెండో వరుస ఉంది. డెమోలు నిండుతూ రెండో వరుస కదలకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

హోస్ట్: వీళ్లకు అట్ల జరిగిందా?

గెస్ట్: సరిగ్గా అదే జరిగింది. దసరా వారం పోను, నాలుగో వారం చివరికి అనుకున్న డెమోలు 36, అయినవి 35. పిల్లోళ్లు బాగా తిరిగారు. కానీ రెండో వరుసలో దాదాపు 12 ఉండాల్సింది, 5 ఉన్నాయి. మూడో వరుసలో కొత్తది ఒక్కటీ లేదు, ఉండదు కూడా, ఐదు వారాలు పడుతుందని ముందే అనుకున్నాం కదా. ఇక్కడ చూడు, 28ని 13తో భాగించిన షీట్ అయితే నాలుగో వారంలో సున్నా చూపించి అందరికీ టెన్షన్ పెట్టేది, తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పేది కాదు. ఈ షీట్‌లో తప్పు డెమోకీ మొదలుపెట్టడానికీ మధ్యలో ఉందని కనిపిస్తోంది.

హోస్ట్: ఏంటా తప్పు?

గెస్ట్: ఒప్పుకోని సెంటర్లకు ఫోన్ చేసి అడిగారు. చాలా చోట్ల ఫ్యాట్ మిషన్ పాతది, రీడింగ్ దానంతటదే యాప్‌లోకి రాదు, చేత్తో కొట్టాలి. పొద్దున ఆరున్నరకి క్యాన్లు పట్టుకుని లైన్ నిలబడి ఉంటే, ఒక్కో రైతుకి యాప్‌లో నాలుగు స్క్రీన్లు దాటాలి. పుస్తకంలో అయితే ఒక గీత గీసి రాసేస్తాడు. ఎవరు మారతారు?

హోస్ట్: అప్పుడు ఎక్కువమంది ఏమంటారంటే, ఇంకో పది డెమోలు ఎక్కువ కొట్టండి అంటారు.

గెస్ట్: అంటారు, అది దండగ. మూడింటికి ఒకటి అన్న అంచనా తప్పినప్పుడు డెమోలు పెంచితే మనుషులు అలిసిపోవడం తప్ప ఏమీ రాదు. ఐదో వారం పని మొత్తం మార్చేశారు. డెవలపర్లు చేస్తున్న కొత్త రిపోర్టు పని ఆపేసి, సభ్యుడి నంబర్, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ ఒకే స్క్రీన్‌లో వచ్చేలా చేశారు. తిరిగే ఇద్దరూ బయల్దేరే ముందు సెంటర్‌కి ఫోన్ చేసి మిషన్ ఏదో కనుక్కుని, కేబుల్ కలిపితే రీడింగ్ యాప్‌లోకి వచ్చే మిషన్లున్న ఊళ్లను రూట్‌లో ముందు పెట్టుకున్నారు. కీ రిజల్ట్ మారలేదు, 40 అలాగే ఉంది. వారం పనులు మాత్రం పూర్తిగా మారాయి. మూడు నెలల పనుల జాబితా మొదటి రోజే రాసి లాక్ చేసే టీమ్‌లు ఇక్కడే ఇరుక్కుంటాయి. వచ్చే రెండు వారాల పనులు వివరంగా రాయి, మిగతా వారాలకు అంకె ఒక్కటే ఉంచు.

హోస్ట్: అక్టోబర్ నుంచి డిసెంబర్ అంటే మనకి వానలు కూడా కదా. తుపాను వచ్చిందంటే ఊళ్లు తిరగడం ఎక్కడ కుదురుతుంది?

గెస్ట్: ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి మన జిల్లాల్లో అది అనుకోకుండా వచ్చేది కాదు, వస్తుందనే అనుకోవాలి. అందుకే డెమోలు మొదటి వారాల్లోకి జరుపుకోవడం మంచిది. వాన పడితే చేసే పని కూడా షీట్‌లో ముందే ఉండాలి, రెండో వరుసలో ఉన్న సెంటర్లకు ఫోన్‌లో బిల్లు సరిచూడటంలాంటిది.

హోస్ట్: చివరికి ఎంతకి వచ్చారు?

గెస్ట్: ఐదు నుంచి ఎనిమిది వారాల్లో 48 డెమోలు, అందులో 16 సెంటర్లు చేరాయి, అంటే పాత మూడింటికి ఒకటికి తిరిగొచ్చింది. ముందు మొదలైన 5 కలిపితే 21. మొత్తం 33.

హోస్ట్: పూర్తిగా చేస్తే 1 మార్కు అనుకుంటే, 40కి 33 అంటే 0.8 దాటింది, బాగానే ఉంది!

గెస్ట్: ఆగు, అది తప్పు లెక్క. 12 ముందు నుంచే ఉన్నాయి కదా, వాటికి మార్కులెందుకు? పెరగాల్సింది 28, పెరిగింది 21. 0.75. మొదలైన చోటు నుంచి కొలవకపోతే, ఏ పనీ చెయ్యకపోయినా 12ని 40తో భాగించి 0.3 అని రాసుకోవచ్చు.

హోస్ట్: నిజమే! మరి 0.75 మంచిదేనా?

గెస్ట్: ముందు ఏమనుకున్నావో దాన్ని బట్టి. అందీ అందనంత ఎత్తులో పెట్టుకున్న టార్గెట్ అయితే 0.7 దాకా వస్తే బాగా చేసినట్టే, గూగుల్‌లోనూ ఆ లెక్కే చెప్తారు. కానీ కొన్ని మాట ఇచ్చినవి ఉంటాయి, ‘బిల్లులో తేడా వస్తే రెండు రోజుల్లో సరిచేస్తాం’ లాంటివి. వాటికి 0.75 అంటే ఫెయిల్, 1 రావాల్సిందే. ఏది ఏ రకమో క్వార్టర్ మొదట్లోనే పక్కన రాసి పెట్టుకోవాలి, అయిపోయాక నచ్చినట్టు పేరు పెట్టుకోకూడదు.

హోస్ట్: మరి డిసెంబర్ 31కి ఇంకా పుస్తకం, యాప్ రెండూ రాస్తున్న సెంటర్లు ఉంటాయి కదా? తొమ్మిదో వారం తర్వాత కూడా డెమోలు ఆపి ఉండరు.

గెస్ట్: ఆపలేదు, తగ్గించారు. వాటిని 33లో కలపరు, పారేయరు కూడా. జనవరి మొదటి వారం షీట్ తెరిచేసరికి రెండో వరుస సున్నాతో కాకుండా వాటితో మొదలవుతుంది. ఏ సెంటర్ ఏ బిల్లులో ఉందో పక్కన రాస్తారు. రెండో బిల్లుకి వచ్చినవి సంక్రాంతి లోపే మూడో వరుసలోకి వచ్చేస్తాయి. అప్పుడే ఇచ్చిన డెమోలకు మాత్రం మళ్లీ ఐదు వారాలు లెక్కేసుకోవాలి.