సున్నా వచ్చిన ఇంటిగ్రల్

అందరికీ నమస్కారం. ఈరోజు బోర్డు మీద ఒకే ఒక్క లెక్క రాస్తాను. చివరిదాకా దాంతోనే ఉందాం. 0 నుంచి 2π వరకు ఈ ఇంటిగ్రల్ విలువ కట్టాలి:

∫ dx/(5 + 4cos x)

కిందటి నెల ఒక అమ్మాయి ఈ లెక్క చేసి నా దగ్గరికి తెచ్చింది. "సార్, రెండుసార్లు సరిచూసుకున్నాను. తప్పెక్కడా కనిపించలేదు. జవాబు మాత్రం సున్నా వస్తోంది" అంది. పేజీ నిజంగానే శుభ్రంగా ఉంది. t = tan(x/2) అని ప్రతిక్షేపించింది. సర్దగా సర్దగా 2dt/(9 + t²) మిగిలింది. దాని ఇంటిగ్రల్ (2/3)tan⁻¹(t/3). x = 0 దగ్గర t సున్నా, x = 2π దగ్గర కూడా t సున్నాయే. పై అవధి, కింది అవధి ఒకటే అయ్యాయి కాబట్టి జవాబు 0 అని గీత గీసేసింది.

నేను ఆ పేజీలో తప్పు వెతకలేదు. "ఈ గ్రాఫు x-అక్షానికి పైన ఉందా, కింద ఉందా అమ్మా?" అని మాత్రం అడిగాను. cos x ఎంత తిరిగినా −1 కీ 1 కీ మధ్యే ఉంటుంది. అందుకని హారం 1 కీ 9 కీ మధ్యే ఉంటుంది. అది సున్నా కాదు, రుణం కాదు. గ్రాఫు మొత్తం అక్షానికి పైనే ఉంది. పైన ఉన్న గ్రాఫు కింద వైశాల్యం సున్నా ఎలా అవుతుంది? ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "అయితే ప్రతిక్షేపణలోనే ఏదో ఉంది సార్" అంది. తప్పు ఎక్కడుందో తెలియకముందే తప్పు ఉందని తెలిసిపోయింది.

ఉన్నది x = π దగ్గర. అక్కడ tan(x/2) అనంతానికి వెళ్ళి, అవతల రుణ అనంతం నుంచి మొదలవుతుంది. అంటే (2/3)tan⁻¹(t/3) అనేది π/3 దాకా ఎక్కి, ఒక్కసారిగా −π/3 కి పడిపోతుంది. మధ్యలో తెగిపోయిన ప్రమేయానికి చివరలు రెండూ పెట్టి తీసివేస్తే, ఆ పడిన లోతు 2π/3 లెక్కలోంచి జారిపోతుంది. π దగ్గర రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు π/3 వస్తుంది, మొత్తం 2π/3. దశాంశాల్లో దాదాపు 2.094.

గుర్తు చూసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ప్రమేయం గుర్తు మార్చుకుంటూ ఉంటే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. sin x ని 0 నుంచి 2π వరకు కడితే సున్నా రావడం న్యాయమే. ఇంకో రకం కూడా ఉంది: 1/x² ని −1 నుంచి 1 వరకు యాంత్రికంగా కడితే −2 వస్తుంది. అక్కడ గుర్తు తప్పని చెప్పడం సులువే. కానీ సరైన జవాబు అని వేరే సంఖ్య కూడా లేదు, ఎందుకంటే సున్నా దగ్గర ప్రమేయం హద్దు లేకుండా పెరిగి ఆ వైశాల్యం అనంతమవుతుంది.

ఇక హద్దులకు వద్దాం. హారం 1 నుంచి 9 వరకు కదులుతుంది కాబట్టి ప్రమేయం 1/9 నుంచి 1 వరకు కదులుతుంది. అంతరం పొడవు 2π. అందుకని జవాబు 2π/9 కంటే, అంటే 0.698 కంటే ఎక్కువ, 2π కంటే, అంటే 6.28 కంటే తక్కువ ఉండాలి.

చాలామంది ఈ లెక్కకు 2π/√(a² − b²) అనే సూత్రం బట్టీ పట్టి ఉంటారు. కంగారులో వర్గమూలం మరిచిపోతే 25 − 16 = 9 మీద భాగించి 2π/9 రాస్తారు. ఎక్కడో చూసినట్టు లేదూ? అది సరిగ్గా మన కింది హద్దే. జవాబు అంత కావాలంటే గ్రాఫు 0 నుంచి 2π దాకా 1/9 ఎత్తులోనే బల్లపరుపుగా పడి ఉండాలి. మనది π దగ్గర 1 ఎత్తుకు లేస్తోంది. కాబట్టి 2π/9 కుదరదు.

కానీ హద్దుల మధ్య చోటు చాలా ఉంది. సగం దారిలో ఆగిపోయి π/3 అని రాసినవాళ్ళను తీసుకోండి. 0 నుంచి π వరకు కట్టి, రెండింతలు చేయడం మరిచిపోయారు. π/3 అంటే 1.047. గుర్తు సరిగ్గానే ఉంది, హద్దుల లోపలే ఉంది. రెండు జల్లెడల్లోంచీ జారిపోయింది.

ఇప్పుడు నాలుగు బిందువులు తీసుకుందాం: 0, π/2, π, 3π/2. అక్కడ ప్రమేయం విలువలు 1/9, 1/5, 1, 1/5. కూడితే 1.511. బిందువుల మధ్య దూరం π/2, అంటే 1.571. గుణిస్తే 2.37. ఈ నాలుగింటినీ π/4 పక్కకు జరిపి మళ్ళీ చేస్తే 1.85 వస్తుంది. రెండూ ఒకే ఇంటిగ్రల్‌కి అంచనాలు. వాటి సగటు 2.11, అసలు జవాబు 2.094. చేతి లెక్కకు ఇంత దగ్గర రావడం ప్రమేయం ఆవర్తనం కావడం వల్ల. మామూలు ప్రమేయాల దగ్గర ఇంత ఆశించకండి. π/3 మాత్రం ఈ రెండు అంచనాలకూ దరిదాపుల్లో లేదు.

నాకు మరీ ఇష్టమైన దారి ఇంకొకటుంది. x దగ్గరి విలువను x + π దగ్గరి విలువతో జత కట్టండి. cos గుర్తు మారుతుంది కాబట్టి ఆ రెండింటి మొత్తం 10/(25 − 16cos²x). ఇది ఎప్పుడూ 10/25 కి తగ్గదు, 10/9 కి మించదు. జతలు 0 నుంచి π వరకే కాబట్టి π తో గుణిస్తే చాలు: జవాబు 1.257 కీ 3.49 కీ మధ్య. చూశారా, π/3 ఈసారి హద్దుల బయటే పడింది. అంచనా అయితే "అనుమానంగా ఉంది" అంటుంది. ఇది "తప్పు" అని రుజువే చేసింది.

అంచనా ఎప్పుడు మోసం చేస్తుందో కూడా చూడండి. 4 తీసి 4.9 పెట్టండి. ఇప్పుడు π దగ్గర హారం 0.1, అంటే గ్రాఫు ఎత్తు 10. సన్నటి శిఖరం లేచింది. మొదటి నాలుగు బిందువుల్లో ఒకటి సరిగ్గా శిఖరం మీదే పడుతుంది, అంచనా 16.5 అవుతుంది. పక్కకు జరిపిన నాలుగూ శిఖరాన్ని చూడనే చూడవు, అంచనా 2.4. ఒకదానికొకటి ఏడు రెట్ల తేడా! అసలు విలువ దాదాపు 6.315. ఒక్క అంచనాతో ఆగిపోయినవాడికి ఇది తెలిసే అవకాశమే లేదు. బిందువులు జరిపి రెండోసారి చేసినవాడికి వెంటనే తెలుస్తుంది. అప్పుడు బిందువులు దగ్గర చేయాలి: 8 తో 9.46, 16 తో 6.84, 32 తో 6.33. వరుస అంచనాల మధ్య తేడా తగ్గుతూ వస్తోందంటే శిఖరం పట్టుబడిందని అర్థం. ఇంకా ఎగుడుదిగుడుగా ఉంటే, హారం ఎక్కడ సున్నాకు దగ్గరవుతోందో వెతికి, బిందువులన్నీ అక్కడ గుమిగూడేలా పెట్టండి.