ఒక్క బీట్‌లో ఐదు స్వరాలు: అర బీట్ క్లిక్‌తో పరీక్ష

నమస్కారం. హైదరాబాదులో, చిక్కడపల్లిలోని మా ఇంటి గదిలో కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. ఈరోజు మన పని ట్యూప్లెట్లు, అంటే ఒక బీట్‌లో మామూలుగా రెండో నాలుగో స్వరాలు పట్టే చోట మూడు, ఐదు, ఏడు స్వరాలను సమానమైన దూరాలతో పరచడం. మూడింటిని ట్రిప్లెట్ అంటారు, ఐదింటిని క్వింటుప్లెట్ అంటారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇవి కొత్తవి కావు, ఎందుకంటే తిశ్ర గతి, ఖండ గతి, మిశ్ర గతి అని మనం పిలిచేవి ఇవే. తకధిమి, తకిట వంటి జతులు చెప్పడం వచ్చినవారు ఈ పనిలో సగం దూరం ముందే వచ్చేశారు. అయితే ఆ జతులే ఒక చోట మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. నేను ఎక్కువసేపు చెప్పబోయేది ఆ చోటు గురించే.

ముందుగా మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టుకోండి. క్లిక్‌కూ క్లిక్‌కూ మధ్య సరిగ్గా ఒక సెకను ఉంటుంది. ఇప్పుడు ఒక్కో క్లిక్‌కు తకధిమి, తకధిమి అనండి. అది నాలుగు, చతురశ్రం. ఇక తకిట, తకిట అనండి. అది మూడు. బోనాల ఊరేగింపులో తీన్‌మార్ దెబ్బ విన్నవారికి మూడు మీద నడిచే ఆ ఊపు వేరే చెప్పనవసరం లేదు. కాళ్ళు వాటంతటవే పట్టుకుంటాయి. మూడింటి దగ్గర చాలామందికి ఇబ్బంది రాదు కనుక త్వరగా ముందుకు వెళుతున్నాను.

ఇప్పుడు ఐదు. తకతకిట, తకతకిట. స్క్రీన్ మీద కీబోర్డు చూడండి. ఐదు వేళ్ళను సరిగమప మీద ఉంచాను. ఒక్కో వేలికి ఒక్కో స్వరం, ఐదు వేళ్ళూ ఒక్క క్లిక్‌లో అయిపోవాలి, తరువాతి క్లిక్‌కు మళ్ళీ స దగ్గర ఉండాలి. వాయిస్తున్నాను, వినండి. సరిగమప, స. సరిగమప, స.

ఇక్కడే ఆగుదాం. ఇలా వాయించి "మొదటి స్వరం క్లిక్ మీద పడింది, తరువాతి మొదటి స్వరమూ క్లిక్ మీద పడింది, కాబట్టి సరిపోయింది" అని నేను చాలాకాలం అనుకున్నాను. అది సరిపోలేదు. మొదలూ చివరా సరిగ్గా పడినంత మాత్రాన లోపలి స్వరాలు సమానంగా ఉన్నాయని కాదు. ఒకసారి నా వాయింపును ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరిచి, అలల చిత్రాన్ని పెద్దది చేసి చూసినప్పుడు సంగతి బయటపడింది. ఆ ఫైలునే ఇప్పుడు మీకు చూపిస్తున్నాను.

ఒక సెకనును ఐదు భాగాలు చేస్తే స్వరాలు 0, 0.2, 0.4, 0.6, 0.8 సెకన్ల దగ్గర మొదలవ్వాలి. నా రికార్డింగులో చూడండి: రెండవది 0.24 దగ్గర ఉంది, మూడవది 0.49 దగ్గర ఉంది, నాలుగవది 0.66, ఐదవది 0.83. మూడవ స్వరాన్ని గమనించండి. అది 0.4 దగ్గర ఉండవలసినది, దాదాపు 0.5 దగ్గర ఉంది, అంటే బీట్ సరిగ్గా సగమయ్యే చోట పడుతోంది. మొదటి సగంలో రెండు స్వరాలు, రెండవ సగంలో మూడు స్వరాలు వచ్చాయి. నేను వాయించినది ఐదు కాదు. సగం బీట్‌లో రెండు, మిగతా సగం బీట్‌లో ఒక చిన్న ట్రిప్లెట్.

దీనికి కారణం తకతకిట అనే మాటలోనే ఉంది. తక ఒక ముక్క, తకిట ఇంకొక ముక్క. రెండు ముక్కలు కనుక మనసు బీట్‌ను రెండు సగాలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో సగం ఇచ్చేస్తుంది. కానీ తక అన్నది ఐదు పాళ్ళలో రెండు పాళ్ళే తీసుకోవాలి, తకిట మూడు పాళ్ళు తీసుకోవాలి. ముక్కలు రెండే అయినా వాటి నిడివి సమానం కాదు. జతి చెప్పడంలో తప్పు లేదు, దానిని రెండు సగాలుగా పంచడంలోనే తప్పు ఉంది.

ఈ తప్పును పట్టుకోవడానికి ప్రతిసారీ రికార్డు చేసి కొలవనవసరం లేదు. మెట్రోనోమ్‌ను 60 నుంచి 120కి మార్చండి, కానీ మీరు వాయించే వేగం మార్చకండి. అంటే ఇప్పుడు మీ ఒక్కో బీట్‌కు రెండు క్లిక్‌లు వినబడతాయి: ఒకటి మొదట్లో, ఒకటి సరిగ్గా మధ్యలో. మళ్ళీ సరిగమప వాయించండి. మొదటి క్లిక్ స మీద పడుతుంది, అది సరే. రెండవ క్లిక్ ఎక్కడ పడుతోందో వినండి. ఐదు స్వరాలు నిజంగా సమానంగా ఉంటే ఆ క్లిక్ ఏ స్వరం మొదలు మీదా పడదు. మూడవ స్వరం గ 0.4 దగ్గర మొదలై 0.6 దాకా ఉంటుంది కనుక క్లిక్ దాని నట్టనడుమ, 0.5 దగ్గర వినబడుతుంది. గ ముందు మోగాలి, తరువాత క్లిక్ రావాలి, ఆ తరువాత మ రావాలి. గ, క్లిక్, మ. ఈ మూడింటినీ విడివిడిగా వినగలగాలి.

గ, క్లిక్ ఒకేసారి మోగితే మీరు బీట్‌ను ముందు రెండు, తరువాత మూడుగా కోసినట్టు. మ, క్లిక్ ఒకేసారి మోగితే మూడు రెండుగా కోసినట్టు, అంటే తకిటతక అని మనసులో అనుకునేవారికి వచ్చే తప్పు. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో మెట్రోనోమే చెబుతుంది. నాకు ఇంతకంటె నమ్మకమైన పరీక్ష ఇంతవరకు దొరకలేదు.

మరి సరిచేసుకోవడం ఎలా? నేను వాడే పద్ధతి ఏమిటంటే, బీట్ నుంచి ఐదింటికి వెళ్ళకుండా, ఐదింటి నుంచి బీట్‌కు రావడం. మెట్రోనోమ్‌ను 200 దగ్గర పెట్టండి. ఇప్పుడు ఒక్కో క్లిక్‌కు ఒక్కో అక్షరం: త, క, త, కి, ట. ప్రతి మొదటి త మీద మాత్రమే చేతితో చప్పట్లు వేయండి. ఒక్కో క్లిక్‌కు 0.3 సెకను, ఐదింటికి ఒకటిన్నర సెకను. ఒకటిన్నర సెకనుకు ఒక బీట్ అంటే నిమిషానికి 40. కాసేపు అలా నడిపి, చెవికి అలవాటయ్యాక, మెట్రోనోమ్‌ను 40కి మార్చి, అదే నడక ఆపకుండా కొనసాగించండి. ఇంతసేపూ క్లిక్ మోసిన సమానత్వాన్ని ఇప్పుడు మీ గొంతు మోయాలి. ఆ తరువాత 80 దగ్గర పెట్టి, ఇందాక చెప్పిన అర బీట్ పరీక్ష చేయండి. మూడవ అక్షరం త మీద క్లిక్ పడకూడదు, దాని మధ్యలో పడాలి. గొంతులో కుదిరాకే వేళ్ళకు ఇవ్వండి. గొంతులో కుదరనిది వేళ్ళలో కుదరడం నేను చూడలేదు.

ఇక్కడ వేగం గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది నెమ్మదిగా ఇబ్బందిగా ఉంది కదా అని వేగం పెంచుతారు, వేగం పెంచగానే సరిపోయినట్టు అనిపిస్తుంది కూడా. బీట్ 60లో ఉన్నప్పుడు సరైన మూడవ స్వరానికీ తప్పు మూడవ స్వరానికీ తేడా సెకనులో పదవ వంతు. 120లో ఆ తేడా సగానికి తగ్గిపోతుంది. తప్పు పోలేదు, చెవికి దొరకకుండా దాక్కుంది. అందుకే ఈ అభ్యాసాన్ని 40, 60 మధ్యనే చేయమంటున్నాను.

ఇంకొక తప్పు కూడా తరచుగా వింటాను. మొదటి ఐదు స్వరాలు తొందరగా అయిపోయి, తరువాతి బీట్ కోసం ఎదురుచూస్తున్నట్టుగా చివర ఖాళీ మిగులుతుంది. అంటే ఆరు భాగాల కొలత పెట్టుకుని ఐదింటిని వాయించి, ఆరవ భాగాన్ని వదిలేశారన్నమాట. ఆ ఖాళీ ప తరువాత వినబడుతుంది. అర బీట్ పరీక్షలో కూడా ఇది దొరుకుతుంది, కానీ అప్పుడు క్లిక్ మ మీద పడుతుంది కనుక దీనిని మూడు రెండుగా కోసిన తప్పుతో కలిపి పొరపడవద్దు. రెండింటికీ తేడా చివర తెలుస్తుంది. ఆరు కొలతలో మ తరువాత ప త్వరగా వచ్చి, అక్కడి నుంచి ఖాళీ ఉంటుంది. మూడు రెండు కోతలో మ, ప రెండూ తీరికగా ఉంటాయి.

ఇప్పుడు దీనిని రాయడం. స్వరలిపి రాసే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. N నొక్కాను, నోట్ ఇన్‌పుట్ మొదలైంది. 5 నొక్కాను, అది క్వార్టర్ నోట్, ఇక్కడ ఒక బీట్ నిడివి. ఇప్పుడు Ctrl+5. అంతే, క్వార్టర్ నోట్ అంత చోటులో ఐదు సిక్స్‌టీన్త్ నోట్లకు చోటు ఏర్పడింది, ఇక C D E F G టైపు చేయడమే. ట్రిప్లెట్‌కు Ctrl+3, ఏడింటికి Ctrl+7. మాక్‌లో Ctrl బదులు Cmd. గుర్తుంచుకోవలసినది ఒక్కటే. ముందుగా ఎంచుకునే నిడివి మొత్తం గుంపు నిడివి, లోపలి చిన్న స్వరం నిడివి కాదు. సిక్స్‌టీన్త్ ఎంచుకుని Ctrl+5 నొక్కితే ఐదు స్వరాలూ ఆ చిన్న సిక్స్‌టీన్త్ లోపలే ఇరుక్కుంటాయి. ఐదింటిని సిక్స్‌టీన్త్‌లతోనే ఎందుకు రాస్తారంటే, నాలుగు పట్టే చోట ఐదు వేస్తున్నాము కనుక. ట్రిప్లెట్‌లో రెండు పట్టే చోట మూడు, అందుకే అక్కడ ఎయిత్ నోట్లు వస్తాయి. రాసిన తరువాత ప్లే చేసి వినండి. కంప్యూటర్ వాయించే ఐదు సరిగ్గా సమానంగా ఉంటాయి కనుక, మెట్రోనోమ్ బదులు దానినే కొలతగా పెట్టుకుని కలిసి వాయించడం నాకు ఎక్కువ ఇష్టం.

అర బీట్ పరీక్ష ఐదింటికే పరిమితం కాదు. బేసి సంఖ్య ఏదైనా అర బీట్ క్లిక్ మధ్య స్వరం నడుమనే పడుతుంది. మూడింటిలో అది రెండవ స్వరం, తకిటలోని కి. ఆ క్లిక్ మీదే కి పడినా, ట పడినా మీ ట్రిప్లెట్ సమానంగా లేదు. ఏడింటిలో అది నాలుగవ స్వరం. ఏడును మనం తకిట తకధిమి అంటాము, కాబట్టి నాలుగవ అక్షరం తకధిమిలోని మొదటి త. ఇక్కడ కూడా ఐదింటిలో జరిగినదే జరుగుతుంది. తకిటకు ఒక సగం, తకధిమికి ఒక సగం ఇచ్చేస్తే ఆ త వచ్చి క్లిక్ మీద కూర్చుంటుంది. ఆరు సరి సంఖ్య కనుక దానికి ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ నాలుగవ స్వరం క్లిక్ మీద పడడమే సరైనది.

చివరగా, నేను రోజూ వాయించేది ఒకటి స్క్రీన్ మీద పెడుతున్నాను. బీట్ 50. మొదటి బీట్‌లో స ఒక్కటే. రెండవ బీట్‌లో సరిగమ. మూడవ బీట్‌లో సరిగమప. నాలుగవ బీట్‌లో మళ్ళీ స. నాలుగు నుంచి ఐదుకు మారే చోట బీట్ ముందుకు జరుగుతుందేమో గమనించండి. చాలామందికి అక్కడే జరుగుతుంది, ఎందుకంటే స్వరాలు దగ్గరపడగానే బీట్ కూడా వేగంగా నడవాలని కాలు అనుకుంటుంది. అందుకే కుడి చేతితో స్వరాలు వాయిస్తూ ఎడమ చేతితో తొడ మీద తాళం వేయండి, తాళం వేసే చేతినే వినండి. ఇది కుదిరాక మెట్రోనోమ్‌ను 100కి మార్చి, మూడవ బీట్‌లో గ తరువాత, మ కంటె ముందు ఆ రెండవ క్లిక్ వినబడుతోందో లేదో చూడండి.