ఒకే ఇల్లు, ఒకే ఎండ కోణం: మే నెలలో, జూలైలో

అందరికీ నమస్కారం. ఒకే ఇంటి డిజైన్‌ని 3D బొమ్మల్లో ఎండకాలంలో, వానకాలంలో చూపించమని క్లయింట్ అడిగితే మనలో చాలామంది ముందు చెట్ల మీద పడతారు. చెట్లు తర్వాత చూద్దాం. ముందు గాలి సంగతి చూడండి.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 13 ప్రాంతంలో ఒకసారి, జూలై 31 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెండు రోజుల్నే తీసుకుంటే సూర్యుడి చోటు మార్చే పనే లేదు. రెండు బొమ్మల మధ్య తేడా అంతా దుమ్ము, మబ్బు, తడి వల్లనే రావాలి.

హనుమకొండలో ఒక ఇల్లు, దాని వెనక కిలోమీటరు దూరంలో ఒక గుట్ట ఉన్నాయనుకుందాం. మే నెల దుమ్ములో అయిదు కిలోమీటర్ల వరకే చూపు ఆనుతోంది. చూపు ఆనే దూరం లెక్కకి వాడే 3.9 అనే అంకెని ఆ దూరంతో, అంటే 5000 మీటర్లతో భాగిస్తే సుమారు 0.0008 వస్తుంది. మీటరుకి వేయాల్సిన హేజ్, అంటే గాలిలోని మసక, అంతే. ఈ లెక్కన గుట్ట కాంట్రాస్ట్ సగానికి కాస్త కిందికి పడిపోతుంది. ఇరవై మీటర్ల దూరంలోని ఇంటికి మాత్రం వందలో 98 పాళ్లు అలాగే ఉంటుంది. మీ బొమ్మలో ఇంటి గోడ కూడా వెలిసిపోయిందంటే హేజ్ ఎక్కువైనట్టే. అది ఎండకాలంలా కాదు, చలికాలపు పొగమంచులా కనిపిస్తుంది. రంగు కూడా నీలం కాదు, కాస్త మట్టి కలిసిన తెలుపు.

జూలై బొమ్మకి వాన వెలిసి, ఇంకా మబ్బు పట్టి ఉన్న వేళ ఎంచుకోండి. ముసురులో గుట్టే కనిపించదు. తెరిపిచ్చాక గాలిలో దుమ్ము ఉండదు కాబట్టి అదే గుట్ట ముదురు రంగులో, దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది. మేలో నిలువుటెండకి సజ్జ నీడ గోడ మీద కిందిదాకా దిగుతుంది. మబ్బులో ఆ నీడ గీతే ఉండదు.

ఇక తడి. నీళ్లు పీల్చుకున్న ఎర్రమట్టి, సిమెంటు ముదురుతాయి. వాటి రంగు ముదురు చేసి, నీళ్లు నిలిచిన చోట మెరుపు రావడానికి Roughness, అంటే గరుకుతనం, తగ్గించండి. అలాగని ఇల్లంతా తడపొద్దు. సజ్జ కింద గోడ పొడిగానే ఉంటుంది. కాంపౌండ్ గోడ అడుగున మాత్రం ఎర్రమట్టి చింది మరకలు పడతాయి.

చెట్ల దగ్గరే మన వాళ్లు ఎక్కువ దొరికిపోతారు. మేలో వేప మోడుగా ఉండదు, అప్పటికే కొత్తాకు వేసి పచ్చగా ఉంటుంది. రేల పసుపుగా, తురాయి ఎర్రగా పూసి ఉంటాయి. మోడుగా చూపించాలంటే టేకు పెట్టండి. పక్కన పొలముంటే మేలో యాసంగి కోసిన కొయ్యకాళ్లు, జూలై చివర నాట్లు వేసిన మడి. ఆ మడి నీళ్లలో ఆకాశం కనిపించాలి. పూర్తిగా పచ్చ రంగు పూసేస్తే అది సెప్టెంబరు పొలమవుతుంది.