పద్దులో కనిపించని ఖర్చు

అందరికీ నమస్కారం. ఒక పథకాన్ని ఊహించుకోండి. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర దాచుకున్నవాళ్లకు ప్రభుత్వం చెక్కు రాసిస్తుంది. ఏడాదికి 15 లక్షల ఆదాయం ఉన్నవారికి 46,800 రూపాయలు. 9 లక్షలవారికి 31,200. నాలుగున్నర లక్షలతో నెట్టుకొస్తూ కష్టపడి అంతే దాచినవారికి సున్నా. ఇలాంటి జీవో మీద సంతకం చేసే మంత్రి దొరకడు. పాత పన్ను విధానంలో, దాచుకున్న సొమ్మును లక్షన్నర దాకా పన్ను పడే ఆదాయంలోంచి తీసేయనిచ్చే 80సి సెక్షను చేసే పని మాత్రం ఇదే.

లెక్క చూద్దాం. 15 లక్షలవారి పై ఆదాయం 30 శాతం స్లాబులో ఉంటుంది. లక్షన్నర తగ్గితే 45,000 పన్ను, దానిమీద 4 శాతం సెస్సు 1,800 మిగులుతాయి. 9 లక్షలవారిది 20 శాతం స్లాబు కాబట్టి మిగిలేది 30,000, సెస్సు 1,200. నాలుగున్నర లక్షలవారికి 10,000 పన్ను పడ్డట్టే పడి, చిన్న ఆదాయాలవారి పన్నును మాఫీ చేసే 87ఏ రిబేటుతో మాయమవుతుంది. అసలు పన్నే లేనివారికి మినహాయింపు ఏం మిగులుస్తుంది? అవసరం తక్కువున్నచోట సాయం ఎక్కువగా చేరుతుందన్నమాట.

ఈ కోణంలో చూడమని గట్టిగా వాదించినవాడు స్టాన్లీ సర్రే. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం బోధించిన ఆయన, అమెరికా ఖజానా శాఖలో పన్నుల విధానం చూస్తున్నప్పుడు 1967లో ఈ మాట బహిరంగంగా లేవనెత్తాడు. పన్ను వదులుకోవడమూ డబ్బు ఇవ్వడమూ ఖజానాకు ఒకటే అయినప్పుడు రెండోదానికే పద్దు ఎందుకు రాయాలన్నది ఆయన ప్రశ్న. మన దగ్గర 2006-07 బడ్జెట్ నుంచి కేంద్రం ఇలా మినహాయింపుల వల్ల పోయిన పన్నుల పట్టిక ఇస్తోంది. మొదట దాని పేరు ‘వదులుకున్న రాబడి’. 2015-16లో ‘పన్ను ప్రోత్సాహకాల రాబడి ప్రభావం’గా మార్చారు. పేరు మెత్తబడింది.

పట్టికలో ఉన్నాక దాగింది ఎక్కడ అంటారేమో. పట్టికలో చూపడం వేరు, ఓటు వేయడం వేరు. నేరుగా ఇచ్చే సబ్సిడీకి ప్రతి ఏడాదీ గ్రాంటు అడగాలి, లోక్‌సభ ఒప్పుకోవాలి, అందులో ఖర్చుకాని మొత్తం మార్చి 31తో మురిగిపోతుంది. మినహాయింపు ఒకసారి చట్టంలోకి ఎక్కితే, గడువు రాయకపోతే, ఎవరో తీసేదాకా అలాగే ఉంటుంది. ఒక్కొక్కరికి లక్షన్నర పరిమితి ఉందిగానీ మొత్తం ఇంతకు మించకూడదనే హద్దు లేదు. ఎంతమంది వాడుకుంటే ఖర్చు అంత.

మన రాష్ట్రాలకు ఇంకో మెలిక ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 15వ ఆర్థిక సంఘం సూత్రం ప్రకారం 2021-26 మధ్య కేంద్రం పంచాల్సిన పన్నుల నికర రాబడిలో 41 శాతం రాష్ట్రాలది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102. పై ఉదాహరణలోని 45,000 వసూలయ్యి ఉంటే, వసూలు ఖర్చులు పక్కనపెడితే, 18,450 రాష్ట్రాలకు వచ్చేది. ఆంధ్రకు సుమారు 747, తెలంగాణకు 388. సెస్సు పంచేది కాదు కాబట్టి ఆ 1,800 నష్టం కేంద్రానిదే. అదే డబ్బును కేంద్రం చెక్కుగా ఇచ్చి ఉంటే, పన్ను ముందే పంపిణీ అయిపోయి, చెక్కు తన వాటాలోంచే రాయాల్సి వచ్చేది. మినహాయింపు ఢిల్లీ ప్రకటిస్తుంది, సెస్సు పోగా మిగిలిన బిల్లులో నూటికి 41 రూపాయలు రాష్ట్రాలు కడతాయి.

అయితే ఈ పట్టిక అంకెల్ని చూసి అవన్నీ ఖజానాకు తిరిగొచ్చే డబ్బని అనుకోకండి. జనం తమ నడవడి మార్చుకోరన్న ఊహమీద ఆ లెక్క వేస్తారు. 80సి తీసేస్తే కొందరు ఆ డబ్బును పన్ను తక్కువపడే మరోచోటికి మళ్లిస్తారు. పైగా వరుసలన్నీ కూడకూడదు. మినహాయింపులన్నీ పోగా 9.5 లక్షల పన్ను ఆదాయం ఉన్న ఒకరు 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 80డి కింద 25,000 చూపారనుకుందాం. 80సి ఒక్కటే తీస్తే పన్ను 40,000 పెరుగుతుంది, 80డి ఒక్కటే తీస్తే 5,000. రెండూ కలిపి తీస్తే మాత్రం 45,000 కాదు, సెస్సు కాకుండా 47,500. మొదటిది ఆదాయాన్ని 10 లక్షలు దాటించడంతో రెండోది కూడా 30 శాతం స్లాబులోకి పోతుంది.

అన్నిటికన్నా చిక్కైనది, దేన్ని ‘మామూలు పన్ను’ అనుకుని కొలవాలన్నది. పాత విధానంలో అందరికీ కనీసం 2.5 లక్షలదాకా పన్ను పడని మొదటి స్లాబు రాయితీయా, పన్ను స్వరూపమా? స్వరూపమే అంటాను, కాదనేవాళ్లూ ఉన్నారు. వ్యవసాయ ఆదాయం మాటేమిటంటే, రాజ్యాంగం ఆ పన్నును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. వేసే అధికారమే లేని పన్నును కేంద్రం వదులుకుందని అనలేం. అందుకే ఎకరాల లెక్కన ఆదాయం ఉన్నవాళ్లు కట్టని పన్ను ఢిల్లీ లెక్కలోకి రాదు. ఆ లెక్క తీయాలంటే అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలనే.